కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్, వి విల్ రివర్ట్: ఆఫీసు మాటలకు అర్థం, తెలుగులో వాటి ధోరణి (తరచుగా అడిగే ప్రశ్నలు)

బ్యాంకు నుంచి, కంపెనీ నుంచి, ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తరాన్ని ఇంట్లోవాళ్ళకు చదివి చెప్పాల్సినవాళ్ళు, సర్క్యులర్లను తెలుగులో పెట్టే ఉద్యోగులు, హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయబోయి మధ్యలో ఆగిపోయినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలివి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ఉత్తరం చేతికి వచ్చినప్పుడు

'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' అన్నారు. ఇంతకీ నన్నేం చేయమంటున్నారు?

చేయాల్సిన పని ఏదో ఆ వాక్యంలో ఉండదు. దానికి ముందున్న రెండు మూడు వాక్యాల్లో వెతకాలి. ఉత్తరం రాసినవాళ్ళు సమస్య చెప్పి, 'ఇక దీనికి చేయాల్సింది మీకు తెలుసు కదా' అని పని మీకు వదిలేశారన్నమాట.

ఇద్దరికీ పద్ధతి తెలిసినప్పుడు ఈ మాటతో ఇబ్బందేమీ ఉండదు. స్టోర్స్ విభాగం బిల్లు జతచేసి అకౌంట్స్‌కి ఇలా రాస్తే, బిల్లు సరిచూసి డబ్బు చెల్లించమని అక్కడ అందరికీ తెలుసు. పద్ధతి తెలియని మనిషికి రాసినప్పుడే చిక్కు. బ్యాంకు మీ ఇంటికి 'మీ కేవైసీ గడువు ముగిసింది, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' అని రాస్తే, ఏ కాగితాలు తేవాలో, బ్రాంచికే రావాలో, ఎప్పటిలోగా తేవాలో ఏదీ తెలియదు. అలాంటప్పుడు ఊహించి పని మొదలుపెట్టకుండా ఆ మూడూ అడగండి. అడగడం మర్యాద తక్కువేమీ కాదు.

ఇది తప్పు ఇంగ్లీషు అని నవ్వుతారు. నిజంగా తప్పేనా?

తప్పు కాదు, పాతది. పూర్వం బ్రిటన్‌లో వ్యాపార ఉత్తరాల్లో మామూలుగా వాడిన మాటే. అక్కడ క్రమంగా వాడుక తగ్గింది. మన దగ్గర ప్రభుత్వ ఆఫీసులూ వ్యాపార సంస్థలూ పాత ఉత్తరాల నమూనాలనే తరతరాలుగా అందిపుచ్చుకోవడంతో నిలిచిపోయింది. భారతదేశంలోనే కాదు, పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఆఫీసుల్లోనూ వినిపిస్తుంది.

రాసేవాళ్ళ మనసులో ఉన్నది మర్యాదే. అది గుర్తుపెట్టుకుంటే, తెలుగులోకి మార్చేటప్పుడు వెటకారం గానీ దర్పం గానీ చొరబడదు. మన దగ్గర చెల్లే మాట అన్నిచోట్లా చెల్లదన్నది మాత్రం వేరే సంగతి.

'వి విల్ రివర్ట్' అన్నారంటే పని అయిపోతుందనా?

కాదు. జవాబు చెప్తామని మాత్రమే. పని చేస్తామనీ లేదు, చేయమనీ లేదు. మీ ఉత్తరం అందింది, దాన్ని ఎవరో చూడాలి, చూశాక చెప్తాం అన్నంతవరకే ఆ మాటకు బాధ్యత.

పక్కన తేదీ ఉందో లేదో చూడండి. 'శుక్రవారంలోగా రివర్ట్ అవుతాం' అంటే శుక్రవారం దాటాక మీరు గట్టిగా అడగవచ్చు. 'షార్ట్‌లీ', 'ఎట్ ది ఎర్లియస్ట్' అని ఉంటే అడగడానికి పట్టు దొరకదు. అందుకే వెంటనే ఒక్క వాక్యం రాసి ఉంచుకోవడం మంచిది: 'సోమవారం నాటికి మీ జవాబు వస్తుందని అనుకోవచ్చా?' ఆ మెయిల్‌కి వాళ్ళు అవునన్నారంటే తేదీ వాళ్ళది కూడా అవుతుంది.

'ఐ యామ్ డైరెక్టెడ్ టు' అని మొదలైంది. ఎవరు ఎవరిని ఆదేశించారు?

ఆదేశం మీకు కాదు, ఉత్తరం మీద సంతకం పెట్టిన ఉద్యోగికి. ఆయన సొంతంగా ఏమీ చెప్పడం లేదు, ప్రభుత్వం చెప్పమన్నది చెప్తున్నారు. రాష్ట్ర ప్రభుత్వ చర్యలన్నీ గవర్నరు పేరున వెలువడాలని రాజ్యాంగం 166వ అధికరణం చెప్తుంది. ఉత్తర్వుల చివర 'గవర్నరు ఉత్తర్వుల మేరకు, వారి పేరున' అని కనిపించేది అందుకే. కేంద్ర ప్రభుత్వ ఆఫీస్ మెమొరాండంలో 'ది అండర్‌సైన్డ్ ఈజ్ డైరెక్టెడ్' అని ఉంటుంది. అందులో 'నేను' అన్న మాటే రాదు.

తెలుగులో 'నన్ను ఆదేశించారు' అని రాస్తే ఆ ఉద్యోగి తన గోడు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. మామూలు పాఠకులకైతే 'ప్రభుత్వం తరఫున తెలియజేస్తున్నాను' అంటే అర్థమూ అధికారమూ రెండూ అందుతాయి.

కింద కాపీల జాబితాలో నా పేరుంది. నేనేమైనా చేయాలా?

మీ పేరు పక్కనున్న మాట చూడండి. 'ఫర్ ఇన్ఫర్మేషన్' అంటే తెలిసి ఉంటే చాలు. 'ఫర్ నెసెసరీ యాక్షన్' అంటే మీ వంతు పని ఉంది. రెండూ కలిపి రాశారంటే పని ఉన్నట్టే లెక్క. తెలుగు ప్రతుల్లో ఇవే 'సమాచారం నిమిత్తం', 'తగు చర్య నిమిత్తం' అని వస్తాయి.

## తెలుగులో పెట్టేటప్పుడు

'తగు చర్యలు తీసుకోగలరు' అని అన్నిచోట్లా రాసేస్తే సరిపోదా?

ఆఫీసుకీ ఆఫీసుకీ మధ్య నడిచే ఉత్తరాల్లో సరిపోతుంది. అక్కడ అది స్థిరపడిన మాట. మామూలు మనిషి రాసేటప్పుడు, మామూలు మనిషికి రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. తెలుగులో 'చర్యలు తీసుకోవడం' అనగానే సగం మందికి శిక్ష గుర్తొస్తుంది. 'ఆలస్యంగా వచ్చేవారిపై చర్యలు తీసుకుంటాం' అని రోజూ పేపర్లో చదివే మాట అది. మీ పాస్‌బుక్‌లో ఇంటిపేరు తప్పు పడిందని రాస్తూ 'తగు చర్యలు తీసుకోగలరు' అంటే, తప్పు చేసిన క్లర్కు మీద ఫిర్యాదు చేస్తున్నట్టు ధ్వనించవచ్చు. మీకు కావలసింది ఇంటిపేరు దిద్దడం ఒక్కటే.

కాబట్టి పని ఏదో తెలిస్తే ఆ పనే రాయండి. 'ఇంటిపేరు సరిచేయగలరు', 'బిల్లు చెల్లించగలరు', 'కొత్త కార్డు పంపగలరు'. ఇంగ్లీషు దాచిన క్రియను తెలుగులో బయటపెట్టడం అనువాదకులు అతి స్వేచ్ఛ తీసుకోవడం కాదు, చదివేవాళ్ళకు అవసరమైన పని. మూలంలో పని ఏదో తేలకపోతే, మీరు ఒకటి ఊహించి పెట్టకూడదు. అప్పుడు 'ఈ విషయం పరిశీలించి చేయవలసింది చేయగలరు' అని ఆ అస్పష్టతను అలాగే ఉంచండి. కోర్టు కాగితాలు, నోటీసుల విషయంలో ఇది తప్పనిసరి.

పై అధికారికి రాసినా, కింది ఉద్యోగికి రాసినా ఇంగ్లీషులో ఒకటే వాక్యం. తెలుగులో తేడా చూపాలా?

చూపకుండా తెలుగు వాక్యం పూర్తే కాదు. ఇంగ్లీషులో 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' పైకీ కిందికీ పక్కకీ ఒకే రూపంలో వెళ్తుంది. తెలుగులో ఆ తేడా అంతా క్రియ చివర ఉంటుంది. అందుకే అనువాదం మొదలుపెట్టే ముందు ఎవరు ఎవరికి రాశారో తెలుసుకోవాలి. ఆ సంగతి తెలియకుండా చేసిన అనువాదం ఎంత చక్కగా ఉన్నా పనికిరాదు.

ఒక మారుమూల హైస్కూల్లో పైకప్పు కారుతోందనుకుందాం. హెడ్‌మాస్టరు పై అధికారికి రాస్తే 'వర్షాలు మొదలయ్యేలోగా మరమ్మతుకు అనుమతి ఇప్పించవలసిందిగా కోరుతున్నాను' అంటారు. 'ఇవ్వవలసిందిగా' అనడానికీ 'ఇప్పించవలసిందిగా' అనడానికీ తేడా గమనించండి. రెండోది ఆ అధికారిని పని చేసే మనిషిగా కాక, చేయించగల మనిషిగా చూపిస్తుంది. ఆ గౌరవం ఇంగ్లీషు వాక్యంలో 'కైండ్లీ' మోస్తుంది, తెలుగులో క్రియ మోస్తుంది. అదే అధికారి ఇంజనీరింగ్ విభాగంలో తన స్థాయి అధికారికి రాస్తే 'అంచనా వేసి పంపగలరు' అంటారు. ఆ విభాగం అధికారి తన కింది ఉద్యోగికి రాస్తే 'పాఠశాలను స్వయంగా చూసి, అంచనాలు పంపవలసిందిగా ఆదేశించడమైనది' అని వస్తుంది. మూడు ఉత్తరాల్లోనూ ఇంగ్లీషు మూలంలో ఒకే మాట ఉండవచ్చు.

ఇందులో తరచూ జరిగే పొరపాటు, '-గలరు'ను కింది ఉద్యోగికిచ్చే ఉత్తర్వులో వాడటం. అది మర్యాదగానే ఉంటుంది గానీ, చేయకపోయినా ఫరవాలేదేమో అనిపిస్తుంది. ఉత్తర్వు అయితే ఉత్తర్వులాగే ఉండాలి.

'కైండ్లీ'కి 'దయచేసి' పెట్టాలా?

ఉత్తరం మొత్తంలో ఒకసారి పెడితే చాలు, చాలాచోట్ల అదీ అక్కర్లేదు. 'పంపండి'లోని '-ండి', 'పంపగలరు'లోని '-గలరు' ఆ మర్యాదను అప్పటికే చూపిస్తున్నాయి. ప్రతి వాక్యానికీ 'దయచేసి' తగిలిస్తే రైల్వే స్టేషన్ ప్రకటనలా వినిపిస్తుంది.

నోటితో చెప్పేటప్పుడు మనం 'దయచేసి' దాదాపు అననే అనం. 'కాస్త చూడండి సార్', 'ఒకసారి ఆ ఫైలు చూస్తారా మేడమ్' అంటాం. తెలంగాణలో 'జర చూడుండ్రి సార్' అంటారు. 'కైండ్లీ' చేసే పనిని ఇక్కడ 'కాస్త', 'ఒకసారి', 'జర' చేస్తున్నాయి. అడిగే పనిని చిన్నదిగా చూపించి ఎదుటివాళ్ళ మీద బరువు తగ్గించడం తెలుగు మర్యాద పద్ధతి. వాట్సాప్‌లో, ఫోన్లో ఈ రూపాలే సహజం. ముద్రించే నోటీసులో మాత్రం ఇవి పనికిరావు.

'రివర్ట్'కి సరైన తెలుగు ఏది?

ఉత్తరంలో 'తెలియజేస్తాం'. కౌంటర్ దగ్గరో ఫోన్లోనో అయితే 'కనుక్కుని చెప్తాం'. ఈ రెండోది నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే చెప్పేలోపు ఒక పని జరగాలని కూడా అందులో ఉంది. ఇంగ్లీషు మాట ఉద్దేశం కూడా అదే. 'తిరిగి వస్తాం' అని మాటకు మాట పెడితే మనిషి మళ్ళీ ఇంటికి వస్తాడని అనుకుంటారు.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సిన మాట 'చూద్దాం'. 'చూసి చెప్తాం' వేరు, 'చూద్దాం' వేరు. మనలో 'చూద్దాం లెండి' అంటే చాలాసార్లు మెత్తగా కాదనడమే. 'చెప్తాంలే' అన్నా అంతే, ఆ 'లే' మాటను పక్కకు నెట్టేస్తుంది. కంపెనీ నిజంగా జవాబిస్తామని రాసినదాన్ని 'చూద్దాం అన్నారు' అని ఇంట్లో చెప్తే, వాళ్ళు ఆశ వదులుకుని ఇంకో దారి వెతుక్కుంటారు. మూలంలో లేని తిరస్కారం మీ అనువాదంతో వచ్చి చేరినట్టవుతుంది.

'కోరడమైనది', 'పంపడమైనది' అనేవి ఇంకా రాయాలా?

ఉత్తర్వుల్లో, మెమోల్లో రాస్తారు, అక్కడ వాటికి చోటుంది. పని చేసినది వ్యక్తి కాదు, ఆఫీసు అని ఆ '-డమైనది' చెప్తుంది. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం 1974లో ఏర్పడింది. ఉత్తర్వులు తెలుగులోకి వచ్చే క్రమంలో ఇంగ్లీషు ఉత్తరాల కర్మణి వాక్యాలకు జవాబుగా ఈ రూపం బాగా స్థిరపడింది.

ప్రజలకు నేరుగా రాసే ఉత్తరంలో మాత్రం ఇది వద్దని నా గట్టి అభిప్రాయం. 'మీ దరఖాస్తు తిరస్కరించడమైనది' అంటే ఎవరు తిరస్కరించారో, ఎవరి దగ్గరికి వెళ్ళి అడగాలో తెలియదు. 'ఆదాయ ధ్రువపత్రం లేనందున తహసీల్దారు మీ దరఖాస్తును తిరస్కరించారు' అంటే ఆ మనిషికి వెళ్ళాల్సిన చోటు తెలుస్తుంది.

అమెరికా, బ్రిటన్ క్లయింట్లకు ఈ మాటలు రాయొచ్చా?

రాయకపోవడమే మంచిది. 'డూ ద నీడ్‌ఫుల్' వాళ్ళకు పాతకాలపు మాటగానో, ఆజ్ఞలాగానో తోచవచ్చు. 'రివర్ట్' అయితే నిజంగా పని చెడగొట్టగలదు. సాఫ్ట్‌వేర్ జట్టులో ఆ మాటకు ఉన్న అర్థం, చేసిన మార్పును వెనక్కి తీసేయడం. ప్రోగ్రాముల్లో చేసే మార్పులను నమోదు చేసే గిట్‌లో ఆ పేరుతో ఆదేశమే ఉంది:

```
git revert HEAD
```

గిట్‌లో ఒక్కో నమోదును కమిట్ అంటారు. ఇది చివరి కమిట్‌లో చేసిన మార్పును రద్దు చేస్తూ కొత్త కమిట్ వేస్తుంది. 'నిన్నటి మార్పు చూసి ప్లీజ్ రివర్ట్' అని మీరు మెయిల్ పెడితే, మీరు తమ అభిప్రాయం అడుగుతున్నారని అవతలివాళ్ళు అనుకోరు, ఆ మార్పును తీసేస్తారు. జవాబు కావాలంటే 'రిప్లై' అనే రాయండి.

## ఒక మెయిల్ మొదటి నుంచి చివరిదాకా

పీఎఫ్ ఖాతాలో నాన్నగారి పేరు తప్పు పడింది. హెచ్‌ఆర్‌కి తెలుగులో ఎలా రాయాలి?

సాధారణంగా వెళ్ళే మెయిల్ ఇది: 'మై ఫాదర్స్ నేమ్ ఈజ్ రాంగ్ ఇన్ పీఎఫ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్.' దీన్ని 'పీఎఫ్‌లో మా నాన్నగారి పేరు తప్పుగా ఉంది. తగు చర్యలు తీసుకోగలరు' అని మార్చడం రెండు నిమిషాల పని. కానీ ఇంగ్లీషులో ఉన్న లోపమే తెలుగులోకీ వచ్చింది. హెచ్‌ఆర్ మనిషి మళ్ళీ మీకే రాయాలి: నంబరు ఎంత, ఏ పేరుంది, ఏ పేరుండాలి, రుజువేది?

ఇలాంటి సవరణకు ఉమ్మడి డిక్లరేషన్ అనే పద్ధతి ఉంది. అంటే ఉద్యోగి, కంపెనీ ఇద్దరూ కలిసి ఇది సరైన వివరమని చెప్పడం. కంపెనీ ఆమోదం కావలసివచ్చినప్పుడు, 'నీడ్‌ఫుల్' అన్న మాట వెనక దాక్కున్న పని అదే. అది తెలిశాక ఉత్తరం ఇలా మారుతుంది:

'మేడమ్, నా పీఎఫ్ ఖాతాలో నాన్నగారి పేరు "నారాయణ" అని మాత్రమే నమోదైంది. నా టెన్త్ మెమోలో, పాస్‌పోర్టులో "సత్యనారాయణ" అని ఉంది, అదే సరైనది. రెండింటి కాపీలూ జతచేశాను, యూఏఎన్ నంబరు కింద ఇచ్చాను. సవరణ కోసం ఉమ్మడి డిక్లరేషన్ సమర్పించాను. కంపెనీ తరఫున దాన్ని ఆమోదించగలరు. ఇంకేమైనా కాగితం కావాలంటే చెప్పండి, వెంటనే పంపుతాను.'

చివరి ముందు వాక్యంలో '-గలరు', ఆఖరి వాక్యంలో '-ండి' ఉన్నాయి చూడండి. అసలు విన్నపానికి కాస్త దూరం పాటించే రూపం, ఆ తర్వాత దగ్గరగా మాట్లాడే రూపం. మొత్తం 'గలరు'లతో నింపితే ఉత్తరం బిగుసుకుపోతుంది.

ఇప్పుడు హెచ్‌ఆర్ వైపు నుంచి. వాళ్ళు 'నోటెడ్. విల్ రివర్ట్' అని రెండు మాటల్లో తేల్చేస్తారు. తెలుగులో 'గమనించాము, తెలియజేస్తాము' అంటే అర్థం సరే, మనిషికి మాత్రం తలుపు మూసినట్టుంటుంది. రెండు చిన్న వాక్యాల్లోనే ఇంకా మేలుగా రాయవచ్చు: 'మీ కాగితాలు అందాయి. గురువారంలోగా సరిచూసి చెప్తాం.' ఏది అందిందో, ఏం చేస్తారో, ఎప్పుడు చెప్తారో మూడూ వచ్చాయి. పీఎఫ్ ఆఫీసులో పని ఎప్పటికి పూర్తవుతుందో కంపెనీ చేతిలో లేదు కాబట్టి, ఆ తేదీని మాట ఇవ్వకూడదు. సరిచూడటం కంపెనీ చేతిలో పనే.

## జవాబు రానప్పుడు

'జెంటిల్ రిమైండర్'ని తెలుగులో ఎలా అనాలి?

'మృదువుగా గుర్తుచేస్తున్నాను' అనకండి, అలా ఎవరూ అనరు. 'ఈ నెల 4న రాసిన ఉత్తరం విషయం మరోసారి మీ దృష్టికి తెస్తున్నాను' అంటే మెత్తదనం దానంతట అదే వస్తుంది. పాత ఉత్తరం తేదీ తప్పక వేయండి. ఫోన్లో అయితే 'సార్, మొన్న చెప్పిన పని ఏమైనా కదిలిందా?' అని అడగడమే మన వాడుక. 'మీరు చేయలేదు' అని కాకుండా 'పని కదిలిందా' అనడంతో నింద మనిషి మీద పడదు.

సమాచార హక్కు దరఖాస్తులో 'తగు చర్యలు తీసుకోగలరు' అని రాయొచ్చా?

రాయకండి, ఆ దరఖాస్తు వృథా అవుతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆఫీసు దగ్గర ఉన్న సమాచారాన్ని అడగవచ్చు, పని చేయమని అడగడానికి వీల్లేదు. 'నా పింఛను విషయంలో తగు చర్యలు తీసుకోగలరు' అంటే, ఇందులో అడిగిన సమాచారమేదీ లేదని తిప్పి పంపుతారు.

అదే సంగతిని రికార్డుగా మార్చి అడగండి. 'ఫలానా తేదీన నేనిచ్చిన దరఖాస్తు ఏయే తేదీల్లో ఎవరెవరి దగ్గరికి వెళ్ళింది, దానిమీద వారు రాసిన నోట్ ఫైలు ప్రతులు ఇవ్వండి' అంటే సరిపోతుంది. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. ఇక్కడ 'ప్రార్థిస్తున్నాను', 'దయతో' అనే మాటలు అక్కర్లేదు, 'ఇవ్వండి' చాలు. ఆ నోట్ ప్రతులు చేతికొస్తే, 'పుట్ అప్', 'ప్లీజ్ డిస్కస్', 'కీప్ ఇన్ వ్యూ' లాంటి రాతలు కనిపిస్తాయి. మొదటిది ఫైలును పైకి పెట్టమని, రెండోది వచ్చి మాట్లాడమని. మూడోది కనిపిస్తే మీ కాగితం మీద అప్పటికి ఏ నిర్ణయమూ జరగలేదని అర్థం, తర్వాతి ఉత్తరం ఆ నోటు రాసిన అధికారి హోదా పేరునే రాయాలి.